గాలికి ఎవరు ఎదురెళ్లాలి?

2013 జూలై 12. నూరో టూర్ డి ఫ్రాన్స్‌లో 13వ స్టేజ్. తూర్ నగరం నుంచి సాంటమాన్-మోంట్రాన్ దాకా 173 కిలోమీటర్లు, దాదాపు అంతా చదును నేల. కొండలు లేని ఇలాంటి రోజున మొత్తం పోటీలో గెలవాలనుకునేవాళ్లు పెద్దగా కష్టపడరు. గుంపులో ఒదిగి వెళ్లి, గుంపుతోపాటే చేరి, ఒంట్లో బలాన్ని మరునాటికి దాచుకుంటారు. స్పెయిన్ రైడర్ అలెహాండ్రో వాల్వెర్దె ఆ ఉదయం మొత్తం పట్టికలో రెండో స్థానంలో ఉన్నాడు. క్రిస్ ఫ్రూమ్‌కి మూడున్నర నిమిషాల లోపే వెనక.

గమ్యం ఇంకా 85 కిలోమీటర్ల దూరంలో ఉండగా అతని వెనక చక్రం దెబ్బతింది. ఆగాడు. సహచరుడి చక్రం తీసుకుని బిగించుకున్నాడు. అతన్ని తిరిగి గుంపులో కలపడానికి మోవిస్టార్ జట్టువాళ్లు వెనక్కి వచ్చారు. మొదట్లో తేడా సెకన్లలోనే ఉంది. సాయంత్రం గీత దాటేసరికి అది దాదాపు 10 నిమిషాలైంది. వాల్వెర్దె రెండో స్థానం నుంచి పదహారుకు పడిపోయాడు.

అతను అలసిపోలేదు, కింద పడలేదు, జబ్బు చేయలేదు. ప్రపంచంలోని అత్యుత్తమ రైడర్లలో ఒకడు, పక్కన బలమైన సహచరులు, ముందు రెండు గంటల రోడ్డు. సెకన్ల తేడా నిమిషాలుగా ఎలా పెరిగింది? దీనికి జవాబు దొరికితే సైకిల్ రేసు ఎలా నడుస్తుందో చాలావరకు తెలిసినట్టే. ఆ జవాబు గాలి దగ్గర మొదలవుతుంది.

మామూలుగా సైకిల్ తొక్కేటప్పుడు గాలి సంగతి మనకు తట్టదు. వేగం తక్కువ కాబట్టి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద పోవడానికి సుమారు 50 వాట్ల శక్తి చాలు. ఒక పాత సీలింగ్ ఫ్యాన్ తినే కరెంటులో ఇంచుమించు సగం కాస్త పైన. వేగాన్ని రెట్టింపు చేసి 40కి పోవాలంటే ఎంత కావాలి? వంద కాదు, దాదాపు 300. రైడరూ సైకిలూ కలిపి 80 కిలోల బరువు, రోడ్ సైకిల్ మీద ముందుకు వంగి కూర్చున్న భంగిమ, గాలి వీచని రోజు, ఇలా అనుకుని వేసిన లెక్క ఇది. వేగం రెండింతలైతే గాలి తోపుడు నాలుగింతలవుతుంది. ఆ నాలుగింతల తోపుడుకు ఎదురుగా ప్రతి సెకనుకూ రెట్టింపు దూరం పోవాలి గనుక గాలి మీద పెట్టే శక్తి ఎనిమిదింతలవుతుంది. టైర్లు రోడ్డుతో రాసుకునే ఖర్చు మాత్రం రెండింతలతో ఆగుతుంది. అందుకే 40 వేగంలో రైడర్ కాళ్లలోంచి వచ్చే ప్రతి 100 వాట్లలో 85కు పైగా గాలే మింగేస్తుంది.

ఇంకో ఐదు కిలోమీటర్లు పెంచి 45కి పోతే 300 కాస్తా 400 దాటుతుంది. మంచి శిక్షణ ఉన్న ఔత్సాహిక రైడర్ 300 వాట్లను ఒక గంట నిలబెట్టుకోగలిగితే గొప్ప. 400 వాట్లను గంటసేపు ఇవ్వగలవాళ్లు వృత్తి రైడర్లలోనూ తక్కువే. అయినా టూర్‌లో చదును స్టేజ్‌లు నాలుగైదు గంటల పాటు గంటకు 45 కిలోమీటర్ల సగటుతో సాగిపోతుంటాయి. దాదాపు 200 మందీ ఒకేసారి చేరతారు. అందులో చాలామంది మరునాడు మళ్లీ అంతే దూరం పోతారు. ఒక్కొక్కరుగా పోవాలంటే ఇది జరిగే పని కాదు.

ముందుపోయే మనిషి గాలిని చీల్చుకుంటూ పోతాడు. అతని ఛాతీకి, భుజాలకు ముందు గాలి ఒత్తిడి పెరుగుతుంది. వీపు వెనక ఒత్తిడి తగ్గి, చెదిరిన గాలి సుడులు తిరుగుతూ కొంత దూరం అతని వెంటే వస్తుంది. ఆ చోటికి మరో రైడర్ వచ్చి చేరితే అతనికి తగిలే గాలి అప్పటికే ముందువాడి వేగంలో కొంత అందుకుని ఉంటుంది. కదలకుండా నిలిచి ఉన్న గాలిని కొత్తగా చీల్చాల్సిన పని అతనికి లేదు. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. ఆ చోటును గాలి మరుగు అనుకుందాం. వెనకవాడు చేరడం వల్ల ముందువాడికి కూడా కొద్దిగా మేలు జరుగుతుంది. అతని వీపు వెనక ఏర్పడే తక్కువ ఒత్తిడి కాస్త నిండుతుంది. కానీ అది రెండు మూడు శాతం మించదు. అసలు లాభం వెనకవాడిదే.

ఎంత లాభం? దీన్ని కొలవడానికి ట్రాక్ మీద జరిగే టీమ్ పర్‌స్యూట్ పోటీ అనువైన చోటు. నలుగురు ఒకరి వెనక ఒకరు, చక్రానికి చక్రం ఆనుతుందా అన్నంత దగ్గరగా, గాలి వీచని గదిలో తొక్కుతారు. అమెరికా పరిశోధకులు బ్రోకర్, కైల్, బర్క్ 1999లో ప్రచురించిన కొలతల ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందున్న రైడర్ 607 వాట్లు ఇస్తుంటే రెండోవాడికి 430 సరిపోయాయి. మూడు, నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లకు 389. నలుగురూ ఒకే వేగంతో పోతున్నారు, కానీ చివరివాడు మొదటివాడు పెట్టిన దానిలో మూడింట రెండు వంతులే ఖర్చు పెడుతున్నాడు. రెండో స్థానం నుంచి మూడుకు వస్తే ఇంకాస్త తగ్గింది, మూడు నుంచి నాలుగుకు వస్తే తగ్గలేదు. ఒంటి వరసలో దొరికే మరుగు అక్కడితో ఆగుతుంది.

పెద్ద గుంపు సంగతి వేరు. రోడ్ రేసుల్లో వంద, నూట యాభై మంది భుజాలు రాసుకుంటూ పోయే ఆ గుంపును పెలోటన్ అంటారు. అందులో మన ముందు ఒక మనిషి కాదు, ఒక గోడే ఉంటుంది. పక్కలా, వెనకా మనుషులే. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది పెలోటన్‌ను కంప్యూటర్‌లో నిర్మించి లెక్కించింది. తర్వాత 121 బొమ్మ రైడర్లను అసలు సైజులో నాలుగో వంతుకు చేసి, గాలి సొరంగంలో నిలబెట్టి కొలిచింది. 2018లో వచ్చిన ఆ ఫలితం రైడర్లను కూడా ఆశ్చర్యపరిచింది. గుంపు మధ్యలో, వెనక భాగంలో ఉన్నవాడి మీద పడే గాలి తోపుడు, అదే వేగంతో ఒంటరిగా పోయేవాడి మీద పడేదానిలో 5 నుంచి 10 శాతమే. గుంపు గంటకు 54 కిలోమీటర్లతో దూసుకుపోతుంటే లోపలున్నవాడికి తగిలే గాలి 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో ఒంటరిగా తొక్కేటప్పటి గాలితో సమానం.

ఈ అంకెను విన్నవెంటనే గుంపు తోకలో కూర్చోవడమే తెలివి అనిపిస్తుంది. నిజం రోడ్డు మీద అలా కుదరదు. ఆ లెక్క బారులు తీరి స్థిరంగా, తిన్నగా పోతున్న గుంపుకు వేసింది, పక్కగాలి లేదు, మలుపులు లేవు. అసలు రేసులో ఒక మలుపు రాగానే ముందువాళ్లు కాస్త నెమ్మదిస్తారు. వాళ్ల వెనకవాళ్లు బ్రేక్ వేస్తారు, ఆ వెనకవాళ్లు ఇంకా గట్టిగా వేస్తారు. తోక మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందువాళ్లు మలుపు దాటి మళ్లీ 50 వేగం అందుకుని ఉంటారు. చివరివాడు దాదాపు ఆగిన స్థితి నుంచి లేచి ప్రాణం పెట్టి తొక్కాలి. ఊళ్ల మధ్యగా పోయే రేసులో ఇలాంటి మలుపులు వంద ఉన్నా ఉంటాయి. గాలిలో ఆదా చేసుకున్నదంతా ఆ వంద పరుగుల్లో పోతుంది. పైగా ఎవరైనా పడితే దారి మూసుకుపోయేది వెనకవాళ్లకే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇరవయ్యో వరసలో కాక మూడు నాలుగో వరసలో ఉండాలని చూస్తారు. గాలి మరుగు పూర్తిగా కాకున్నా సరిపడా దొరుకుతుంది, ముందు జరిగేది కళ్లకు కనిపిస్తుంది.

మరుగు ఉచితంగా దొరికినట్టుంటుంది గానీ ఎవరో ఒకరు ముందుండాలి కదా. ఆ ఒకరు ఎవరు, ఎంతసేపు అన్నదే పెలోటన్‌లో అన్ని ఒప్పందాలకూ, అన్ని తగవులకూ మూలం.

చిన్న గుంపులో ఇది సులువు. గుంపును విడిచి ముందుకు పోయిన ఐదుగురు ఉన్నారనుకుందాం. ఒకరి వెనక ఒకరు వరస కడతారు. ముందున్నవాడు ఇరవై ముప్పై సెకన్లో, ఒక నిమిషమో లాగుతాడు. తర్వాత పక్కకు జరిగి, తొక్కుడు కొద్దిగా వదులు చేస్తాడు. మిగతా నలుగురు అతని పక్కనుంచి సాగిపోతారు, అతను జారుతూ వచ్చి చివర అతుక్కుంటాడు. ఇప్పుడు రెండోవాడు ముందున్నాడు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్లేవాళ్లు ఇవాళ నీ చేను, రేపు నా చేను అనుకున్నట్టే ఇదీ. లెక్క మాత్రం రోజుల్లో కాదు, సెకన్లలో.

చెప్పినంత తేలిక కాదు చేయడం. కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. తమ వంతు రాగానే ఉత్సాహంతో వేగం పెంచుతారు. 45తో పోతున్న వరస ఒక్కసారి 48 అవుతుంది. అప్పుడే పక్కకు తప్పుకుని అలసటతో వెనక్కి జారుతున్నవాడు ఆ పెరిగిన వేగాన్ని అందుకోలేడు. చివరి చక్రం చేతికందినట్టే ఉండి జారిపోతుంది. వరస తెగేది సాధారణంగా అక్కడే, తన వంతు ముగించుకున్నవాడు తోకలో చేరే ఆ రెండు మూడు సెకన్లలో. కాబట్టి ముందుకు వచ్చినవాడు చేయవలసింది వేగం పెంచకుండా ఉండటం. ముందువాడు పక్కకు తప్పుకుంటూ తగ్గించుకుంటే చాలు, తానే ముందైపోతాడు. వంతు ఇచ్చేటప్పుడు ఏ పక్కకు జరగాలన్నదీ ముఖ్యమే. గాలి కుడి నుంచి వీస్తుంటే కుడికే జరగాలి. అప్పుడు వెనక్కి జారేవాడు కూడా ముందుకు పోయేవాళ్లకు అడ్డుగోడ అవుతాడు.

ఇక ముందు చక్రానికీ నా చక్రానికీ మధ్య దూరం. వృత్తి రైడర్లు ఒక జానెడు, రెండు జానెల ఎడంలో ఉంటారు. దూరం పెరిగేకొద్దీ లాభం మెల్లగా తగ్గుతుంది తప్ప ఒక్కసారిగా పోదు. ఒక సైకిల్ పొడవు వెనకున్నా చాలా మేలు మిగిలే ఉంటుంది. కొత్తగా గుంపుల్లో తొక్కుతున్నవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలని గట్టిగా చెబుతాను. చక్రం చక్రానికి తగిలితే పడేది వెనకవాడే, ముందువాడు చాలాసార్లు అలాగే సాగిపోతాడు. వెనకవాడి ముందు చక్రం పక్కకు తోయబడగానే హ్యాండిల్ తిప్పి నిలదొక్కుకునే వీలు పోతుంది. మరుగు కోసం లారీలు, బస్సుల వెనక తొక్కడం గురించి చెప్పనక్కర్లేదు. అవి బ్రేక్ వేసిన తీరులో సైకిల్ ఆగదు, వాటి ముందున్న గుంత మనకు కనబడదు.

వంతులు సరిగా నడిస్తే లాభం ఎంతో లెక్క వేద్దాం. ఒక్కొక్కరూ సగటున 350 వాట్లు ఇవ్వగలరనుకుందాం. ఒంటరిగా పోయేవాడు ఆ శక్తితో గంటకు 42 కిలోమీటర్లు పోగలడు. మరుగులో గాలి తోపుడు మూడో వంతు దాకా తగ్గుతుందనుకుంటే, పది మంది సమానంగా వంతులు పంచుకునే గుంపు అదే సగటు శక్తితో దాదాపు 48 పోతుంది. తేడా ఆరు కిలోమీటర్లే. కానీ 80 కిలోమీటర్ల దూరానికి ఒంటరివాడికి 114 నిమిషాలు, గుంపుకు 100 నిమిషాలు. ఇద్దరి కాళ్లలో బలం ఒక్కటే, గమ్యం దగ్గర తేడా 14 నిమిషాలు.

ఇప్పుడు వాల్వెర్దె దగ్గరికి వెళదాం. అతను ఒంటరి కాదు, సహచరులున్నారు. కాబట్టి ఈ లెక్క ప్రకారం అతను అంత నష్టపోకూడదు. ఆ రోజు ఇంకో సంగతి ఉంది. గాలి పక్కనుంచి వీస్తోంది.

ఎదురుగాలి అయితే మరుగు సరిగ్గా ముందువాడి వెనక ఉంటుంది. గాలి పక్కనుంచి వస్తే మరుగు కూడా పక్కకు జరుగుతుంది. కుడి నుంచి గాలి వీస్తే నేను ముందువాడికి వెనక, కాస్త ఎడమగా ఉండాలి. నా వెనకవాడు నాకు ఎడమగా. ఇలా వరస రోడ్డు మీద ఏటవాలుగా తయారవుతుంది. దీన్ని ఎషెలాన్ అంటారు. చూడటానికి అందంగా ఉంటుంది, కానీ రోడ్డుకు వెడల్పు ఇంతే. పది పన్నెండు మంది కాగానే ఏటవాలు వరస రోడ్డు ఎడమ అంచును తాకుతుంది. పదమూడోవాడికి మరుగు ఉండాల్సిన చోటు రోడ్డు బయట, గడ్డిలో ఉంది. అతను అంచు వెంబడి తిన్నగా ముందువాడి వెనకే పోవాలి, అక్కడ మరుగు దాదాపు లేదు. అతని వెనక వంద మంది అదే స్థితిలో ఉంటారు. ముందున్న పన్నెండు మంది వంతులు మార్చుకుంటూ 50తో పోతుంటే, అంచున ఉన్న ప్రతివాడూ గాలిని తానే మోస్తూ అదే 50తో పోవాలి. కొన్ని నిమిషాలు ఓర్చుకుంటారు. తర్వాత వాళ్లలో ఒక్కడి కాళ్లు లొంగుతాయి, అతని ముందు రెండు మీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. అతని వెనకున్నవాళ్లందరికీ రేసు ఆ క్షణంలోనే తెగిపోతుంది, వాళ్లలో ఎంత బలవంతులున్నా సరే. తెలివైనవాళ్లు అప్పుడు ముందున్న గుంపు కోసం పాకులాడరు. వెంటనే రెండో ఏటవాలు వరస కడతారు.

ఒక జట్టు దీన్ని కావాలనే చేయవచ్చు. ముందు నడిపేవాడు రోడ్డు మధ్యలోనో, గాలి వచ్చే అంచుకు కాస్త లోపలో పోతూ, తన పక్కన తనవాళ్లు పట్టేంత చోటే వదులుతాడు. మిగతావాళ్లు అంచుకు నెట్టబడతారు.

ఆ రోజు ఒమెగా ఫార్మా–క్విక్‌స్టెప్ జట్టు చేసింది సరిగ్గా ఇదే. గమ్యం ఇంకా వంద కిలోమీటర్లకు పైగా ఉండగానే పెలోటన్‌ను చీల్చింది. వాళ్ల లక్ష్యం వాల్వెర్దె కాదు, జర్మన్ స్ప్రింటర్ మార్సెల్ కిట్టెల్. చివరి పరుగులో తమ మార్క్ కావెండిష్‌ను ఓడించగలవాడు వెనక ఉండిపోవాలి. అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత వాల్వెర్దె చక్రం విరిగింది. ఇప్పుడు బెల్కిన్ జట్టుకు కారణం దొరికింది. వాళ్ల బాకె మోలెమా మొత్తం పట్టికలో వాల్వెర్దెకు వెనకే ఉన్నాడు, వాల్వెర్దె తప్పుకుంటే రెండో స్థానం అతనిది. రెండు జట్లు, రెండు వేర్వేరు స్వార్థాలు, పని మాత్రం ఒకటే. ముందు గుంపులో వంతులు పంచుకోవడానికి కొత్త కాళ్లు వస్తూనే ఉన్నాయి. మిగతావాళ్లు వాటి మరుగులో విశ్రాంతిగా ఉన్నారు. వెనక మోవిస్టార్‌లో వంతులు తీసుకునేది కొద్దిమంది. పక్కగాలిలో వాళ్లకు దొరికే మరుగూ తక్కువే, వంతుకూ వంతుకూ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధీ తక్కువే. ఒక్కొక్కరూ అయిపోతూ తప్పుకుంటుంటే మిగిలినవాళ్ల వంతు పొడవవుతుంది. ఇలాంటి వేటలో తేడా నెమ్మదిగా పెరగదు. కొంతసేపు నిలకడగా ఉండి, వేటగాళ్ల సంఖ్య తగ్గగానే విరుచుకుపడుతుంది. దగ్గరకు రాదని తేలాక ఎవరూ ఒళ్లు హూనం చేసుకోరు, అప్పుడు నిమిషాలు పోగవుతాయి.

కథ అక్కడితో ముగియలేదు. గమ్యానికి సుమారు 30 కిలోమీటర్ల ముందు అల్బెర్టో కోంటడార్ జట్టు సాక్సో ఒక్కసారిగా ముందుకు దూకింది. తమవాళ్లు ఆరుగురు, మొత్తం 14 మంది ఆ ఏటవాలు వరసలో సర్దుకున్నారు. కావెండిష్, పీటర్ సగాన్, మోలెమా అందులో ఉన్నారు. రేసులో అందరికంటే బలంగా ఉన్న ఫ్రూమ్ లేడు. అతని జట్టులో ఇద్దరు అప్పటికే టూర్ నుంచి తప్పుకున్నారు, మిగిలినవాళ్లలో ఆ క్షణానికి అతని పక్కన తగినంత మంది లేరు. కొన్ని మీటర్ల ఖాళీ ఏర్పడింది, దాన్ని అతను పూడ్చలేకపోయాడు. కొండ మీద కోంటడార్‌ను అలవోకగా వదిలించుకోగలిగినవాడు ఈ చదును రోడ్డు మీద అతనికి 1 నిమిషం 9 సెకన్లు సమర్పించుకున్నాడు. స్టేజ్ కావెండిష్ గెలిచాడు. టూర్ చివరికి ఫ్రూమ్‌దే అయింది.

కొండ మీద ఎందుకు మారుతుందో ఒక్క అంకెతో చెప్పవచ్చు. ఎనిమిది శాతం ఎత్తు మీద గంటకు 20తో ఎక్కేవాడికి బరువును పైకి మోయడానికే 350 వాట్లు కావాలి, గాలికి ముప్పై చిల్లర. మరుగు వల్ల అందులో పది మిగిలినా 400లో పది. అక్కడ పంచుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరి బరువు వాళ్లదే.

చదును మీద మాత్రం, ఎంత మంది ఉన్నారన్నది కాదు, ఎంత మంది పని చేయడానికి ఒప్పుకున్నారన్నది లెక్క. పెలోటన్‌లో ఈ ఒప్పుదల ఎవరి వల్ల వస్తుందో దాదాపు ముందే తెలుస్తుంది. పసుపు జెర్సీ ఉన్న జట్టు ఉదయం నుంచి ముందుండి వేగాన్ని నిలబెడుతుంది. స్ప్రింటర్లున్న జట్లు తలా ఒక మనిషిని పంపి, ముందుకు పోయిన చిన్న గుంపును దూరంలోనే ఉంచి, చివర్లో పట్టుకుంటాయి. ఈ పని చేసేవాళ్లను డొమెస్టిక్‌లు అంటారు. వంద, నూట యాభై కిలోమీటర్లు గాలికి ముఖం పెట్టి, తమ నాయకుడు చివరి 200 మీటర్లు తొక్కడానికి పనికొచ్చే బలాన్ని కాపాడతారు. ఫలితాల పట్టికలో వాళ్ల పేరు వందో స్థానం తర్వాత ఎక్కడో ఉంటుంది. రేసు చూసేటప్పుడు నేను ముందుగా చూసేది వాళ్లనే. ఎవరు లాగుతున్నారో చూస్తే ఎవరికి గెలుపు మీద ఆశ ఉందో తెలిసిపోతుంది.

మరి లాగాల్సింది ఎవరో అందరికీ తెలిసి కూడా, ఎవరూ లాగకపోతే?

2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసులో అదే జరిగింది. 137 కిలోమీటర్లు, అరవైకి పైగా రైడర్లు. నెదర్లాండ్స్ నుంచి నలుగురు వచ్చారు: అన్నెమీక్ వాన్ వ్లూటెన్, అన్నా వాన్ డెర్ బ్రెగెన్, మారియానె వోస్, డెమీ వోలెరింగ్. ప్రపంచంలో వీళ్లకు సాటి జట్టు లేదు. రేసు మొదలవగానే ఐదుగురు ముందుకు వెళ్లిపోయారు. వాళ్లలో ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్ ఒకరు. గణితంలో డాక్టరేట్ చేసి, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసుకుంటున్న ఆమెకు అప్పుడు వృత్తి జట్టు కూడా లేదు. వెనకున్న గుంపు వాళ్లను పట్టించుకోలేదు. తేడా పది నిమిషాలకు పోయింది.

పెలోటన్ లెక్క ప్రకారం అది కంగారుపడే తేడా కాదు. ఫ్రెంచ్ వ్యాఖ్యాత రాబర్ట్ షపాట్ పేరుతో ఒక నానుడి ఉంది: వంతులు వేసుకుని గట్టిగా వేటాడే గుంపు పది కిలోమీటర్లకు ఒక నిమిషం చొప్పున వెనక్కి లాగేసుకోగలదు. వంద కిలోమీటర్లు మిగిలి ఉంటే పది నిమిషాలు లెక్కలోనివే. ఆ వాక్యంలో అసలు బరువంతా "వంతులు వేసుకుని" అన్న మాట మీదే ఉంది.

మిగతా దేశాలవాళ్లు డచ్ జట్టు వైపు చూశారు. గెలవగలిగింది మీరే, లాగండి మీరే. అది న్యాయమైన మాటే. ఒక చిన్న దేశపు రైడర్ లాగితే, ఆ మరుగులో హాయిగా వచ్చిన డచ్ రైడర్ చివర్లో ఆమెను దాటి పతకం పట్టుకుపోతుంది. డచ్ జట్టు వైపు నుంచి చూస్తే, ఉన్నది నలుగురే. నలుగురికీ గెలిచే శక్తి ఉంది. ఎవరు డొమెస్టిక్‌గా మారి తన రేసును త్యాగం చేయాలి? వాళ్లు లాగడానికి బదులు ఒకరి తర్వాత ఒకరు దాడులు చేశారు. ఒకరు దూకితే గుంపు కొన్ని నిమిషాలు వేగం అందుకుంటుంది, ఆమెను పట్టుకోగానే మళ్లీ నెమ్మదిస్తుంది. ఇలా కుదుపులుగా పోయే గుంపు సగటు వేగం నిలకడగా లాగే గుంపు కంటే చాలా తక్కువ. ఒలింపిక్స్‌లో రైడర్ల చెవుల్లో రేడియోలు కూడా ఉండవు. తేడా ఎంతో, ముందు ఎవరున్నారో మోటార్‌సైకిల్ మీద చూపే పలక, కారులోంచి వచ్చే కబురు తప్ప వేరే దారి లేదు.

గమ్యానికి 41 కిలోమీటర్ల ముందు, ఎత్తు రోడ్డు మీద కీసెన్‌హోఫర్ తనతో మిగిలిన ఇద్దరినీ వదిలేసి ఒంటరిగా సాగింది. ఎక్కుడు మీద మరుగుకు విలువ లేదు కాబట్టి వాళ్లను వదులుకోవడం వల్ల ఆమెకు పోయిందేమీ లేదు. పై నుంచి దిగాక మాత్రం ప్రతి కిలోమీటరూ ఒంటరి లెక్కే. ముందు వేసిన లెక్క ప్రకారం ఆమె ఓడిపోవాలి. వెనక అరవై కాళ్ల జతలు ఉన్నాయి. కానీ అరవై మందీ ఒకరి మరుగులో ఒకరు దాక్కుంటే ఆ గుంపు వేగం, ముందు ఇష్టం లేకుండా ఉండిపోయిన మనిషి వేగమే. ఒంటరిగా పోయే మనిషికి ఒక్క సౌకర్యం ఉంది. ఎవరు లాగాలన్న ప్రశ్న ఆమెకు రాదు.

చివరి కిలోమీటర్లలో పెలోటన్ ఆమె పాత తోడు రైడర్లు ఇద్దరినీ పట్టుకుంది. ముందు ఇంకెవరూ లేరని డచ్ జట్టు అనుకుంది. వాన్ వ్లూటెన్ గుంపును విడిచి దూకి, ఫుజి స్పీడ్‌వేలో గీత దాటుతూ స్వర్ణం గెలిచాననుకుని చేతులెత్తింది. కీసెన్‌హోఫర్ అప్పటికి 1 నిమిషం 15 సెకన్ల ముందే గీత దాటి ఉంది.

మూడు రోజుల తర్వాత అదే స్పీడ్‌వే నుంచి టైమ్ ట్రయల్ మొదలైంది. 22 కిలోమీటర్లు, ఒక్కొక్కరుగా బయలుదేరాలి, ఎవరి వెనకా తొక్కకూడదన్నది నియమం. వాన్ వ్లూటెన్ దాదాపు ఒక నిమిషం తేడాతో స్వర్ణం గెలిచింది.